అద్దె శాతాలు కూడేవాళ్లకి

"బెంగళూరులో అద్దెకుండేవాళ్లు తప్పక చదవండి! ఓనర్ 20% పెంచి, కరోనాలో 30% తగ్గించి, మళ్లీ 25% పెంచితే మొత్తం 15% పెరిగినట్టు. 1) శాతాలు కూడి తీసేస్తే చాలు. 2) 30% తగ్గింది మళ్లీ 30% పెరిగితే పాత అద్దెకి వస్తుంది. 3) పాత అద్దె తెలియాలంటే ఇప్పటి అద్దెలో 15% తీసేయండి. 4) ముందు పెరగడం, ముందు తగ్గడం ఒకటి కాదు. 5) ఈ ఫార్ములా ఓనర్లు దాచిపెడతారు. పదిమందికి పంపండి."

ఈ వారంలో ఇది నాకు ఐదోసారి వచ్చింది. మారతహళ్లి రూమ్మేట్ల గ్రూపులో, ఆఫీసు గ్రూపులో, చివరికి కడప నుంచి మా మేనమామ కూడా పంపాడు. ఆయనకు బెంగళూరులో అద్దె ఇల్లూ లేదు, సొంత ఇల్లూ లేదు.

మొదటి పాయింటు. అద్దె 20,000 అనుకోండి. పెరిగితే 24,000, తగ్గితే 16,800, మళ్లీ పెరిగితే 21,000. మూడు మార్పులకీ మూడు గుణకాలు, అంటే ప్రతి మార్పుకీ ఒక్క రూపాయి అద్దె ఎంతవుతుందో ఆ అంకెలు: 1.2, 0.7, 1.25. మూడూ గుణిస్తే 1.05. అంటే పెరిగింది 5 శాతమే. 15 శాతమని నమ్మి 23,000కి ఒప్పుకుంటే నెలకి 2,000 పోతుంది, పది నెలల అడ్వాన్సులో ఇంకో 20,000 ఇరుక్కుంటుంది. అయితే చిన్న శాతాలకి కూడిక మరీ తప్పేమీ కాదు. 2 పెరిగి, 1 తగ్గి, 3 పెరిగితే కూడికలో 4 శాతం, గుణకాలతో 4.01. గొడవంతా పెద్ద శాతాలతోనే.

రెండోది. 0.7ని 1.3తో గుణిస్తే 0.91. ఇంకా 9 శాతం కిందే ఉన్నాం. పాత చోటికి రావాలంటే దాదాపు 43 శాతం పెరగాలి. అంతే, ముందుకెళ్దాం.

మూడోది నిజంగా హాని చేసేది. నా ఫ్రెండు ఒకడు దీన్ని నమ్మి ఓనర్ ఆంటీ దగ్గరికి వెళ్లాడు. ఇప్పుడు అద్దె 21,000, మూడు మార్పులూ ఆవిడే చెప్పింది. వీడు 15 శాతం తీసేసి "ఆంటీ, మొదట్లో మీ అద్దె 17,850 కదా, 20,000 అంటారేంటి?" అన్నాడు. ఆవిడ లోపలికెళ్లి పాత అగ్రిమెంట్ తెచ్చి చూపించింది. అందులో 20,000 అని స్పష్టంగా ఉంది. వీడి ముఖం నేను చూడలేదు గానీ ఊహించుకోగలను.

ఒరేయ్, నీ జవాబు సరైందో కాదో తెలుసుకోవడానికి ఆంటీ అక్కర్లేదు. 17,850కి ఆ మూడు మార్పులూ వరసగా వేసి చూడు. 18,742 రూపాయల 50 పైసలు వస్తుంది. 21,000 ఎక్కడ, ఇదెక్కడ!

వెనక్కి వెళ్లాలంటే తీసివేత కాదు, భాగహారం. 21,000ని 1.25తో భాగిస్తే 16,800, దాన్ని 0.7తో భాగిస్తే 24,000, దాన్ని 1.2తో భాగిస్తే 20,000. ఒక్కసారిగా 1.05తో భాగించినా అంతే. ఇక్కడ ఇంకో గుంట ఉంది, తెలివైనవాళ్లే అందులో పడతారు. "సరే, అసలు పెరుగుదల 5 శాతమే కదా, 21,000లో 5 శాతం తీసేస్తా" అంటారు. 19,950 వస్తుంది. యాభై రూపాయలే తేడా కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ ఆ 5 శాతం 20,000 మీద లెక్కేసింది, 21,000 మీద కాదు. శాతం పెద్దదైతే ఈ యాభై రూపాయల తేడా కాస్తా వేలల్లోకి పోతుంది.

ఇంకొందరు 30 శాతం తగ్గుదలకి 0.7 బదులు 0.3 వేస్తారు. అప్పుడు చివరి అద్దె 9,000 వస్తుంది. ఆ అద్దెకి డబుల్ బెడ్రూమ్ దొరికితే నాకూ చెప్పండి, సామాను సర్దుకుంటా.

ఐదోది: ఓనర్లు దాచారంటున్న అసలు ఫార్ములా, అంటే ఈ గుణకాల లెక్క, బడి లెక్కల పుస్తకంలో అచ్చేసి ఉంది. భలే దాచారు.

నాలుగోదాన్ని కూడా ఇలాగే కొట్టిపారేద్దామనుకున్నా. గుణకాలు ఏ వరసలో గుణించినా 1.05యే, చివరి అద్దె 21,000యే. కానీ రాస్తుంటే తట్టింది. ఒక్కో అద్దె ఒక్కో ఏడాది నడిచిందనుకోండి. ముందు పెరిగితే మొదటి ఏడాది నెలకి 24,000 కట్టాలి. ముందు 30 శాతం తగ్గితే 14,000యే. ఆ తర్వాత 20 శాతం పెరిగినా రెండో ఏడాది అదే 16,800, మూడో ఏడాది అదే 21,000. మొదటి ఏడాదిలోనే 1,20,000 తేడా. కాబట్టి ఆ మెసేజ్ రాసినాయనా, చివరి అద్దె విషయంలో మీరు తప్పు, జేబులోంచి పోయిన డబ్బు విషయంలో మాత్రం మీరే రైటు. మామయ్యకి కూడా అదే రాసి పంపాను. బొటనవేలు గుర్తు పెట్టాడు, వెంటనే అదే మెసేజ్ మళ్లీ ఫార్వర్డ్ చేశాడు.