నూటఇరవై శాతం తగ్గించిన మొనగాణ్ణి

ఆరేళ్లుగా లారీల డిస్పాచ్ చేస్తున్నా. అంటే పొద్దున లేచినప్పట్నుంచి "అన్నా ఎక్కడున్నావ్" అనడం, అవతల "వచ్చేశా, పది నిమిషాలు" అనడం, ఆ పది నిమిషాలు గంటన్నర అవ్వడం, ఇదే నా వృత్తి. ఈమధ్య లాజిస్టిక్స్ కోఆర్డినేటర్ పోస్టు కనపడితే అప్లై చేద్దామని రెజ్యూమె తీశా. పైన సమ్మరీ అని నాలుగు లైన్లుంటుంది కదా, అక్కడ మెజరబుల్ రిజల్ట్స్ ఉండాలి, నంబర్లు లేకపోతే ఎవరూ చూడరు అని మా ఫ్రెండ్ ఒకటే నస. సరే నంబర్లేగా, మన దగ్గర ఎక్సెల్ ఉంది, కూడిక వచ్చు.

అదే కొంప ముంచింది. మా 12 లారీలకి విడివిడిగా షీట్లున్నాయి. లోడు దింపి ఖాళీగా తిరిగొచ్చే కిలోమీటర్లు ఒక్కో లారీకి ఓ పది శాతం దాకా తగ్గాయి, నేను వాటన్నిటినీ శ్రద్ధగా కూడేసి "ఖాళీ కిలోమీటర్లు 120% తగ్గించాను" అని బోల్డ్‌లో పెట్టా. కింద ఇంకోటి, "రోజుకు 200 కాల్స్ హ్యాండిల్ చేస్తాను". పంపే ముందు నాలుగుసార్లు చదువుకున్నా, చదివినప్పుడల్లా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఇంటర్వ్యూలో మేడమ్ ఆ కాగితం చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చాలా మర్యాదగా, "వంద శాతం తగ్గితే ఖాళీ తిరుగుడు సున్నా అవుతుంది కదండీ, మిగతా ఇరవై శాతం మీ లారీలు ఎక్కడ తిరిగాయి?" అన్నారు. నేను ఏసీలో చెమట తుడుచుకుంటుంటే రెండోది వదిలారు, "200 కాల్స్ ఎందుకొస్తున్నాయి? ప్లాన్ సరిగ్గా ఉంటే రాకూడదు కదా?" ఆరేళ్లలో నాకెప్పుడూ తట్టని ప్రశ్న అది, నేను గొప్పనుకున్నది ఆవిడకి కంప్లైంటులా కనపడింది! "నంబర్లు సరిచేసి మళ్లీ పంపండి" అని పంపించేశారు, అది జాలో అవకాశమో అప్పుడు అర్థం కాలేదు.

ఆ రాత్రి కూర్చుని షీట్లన్నీ ఒకటి చేశా. శాతాల్ని శాతాలతో కూడకూడదు, ముందు కిలోమీటర్లు కూడి ఆ తర్వాత ఒక్కసారే శాతం తియ్యాలి, ఇంతే సంగతి. సీజన్ తేడా రాకుండా పోయినేడాది మూడు నెలలు, ఈ ఏడాది అవే మూడు నెలలు పక్కపక్కన పెట్టా. అప్పుడు సగటున నెలకి మొత్తం 90,000 కిలోమీటర్లలో ఖాళీగా తిరిగింది 27,000, అంటే 30 శాతం. ఇప్పుడు అదే 90,000లో 18,000, అంటే 20 శాతం. దీన్ని పది శాతం తగ్గింది అనాలా, మూడో వంతు తగ్గింది అనాలా అని మళ్లీ అరగంట కొట్టుకున్నా, ఏది రాసినా ఇంకో మేడమ్ ఇంకో ప్రశ్న వేస్తారు, అందుకే "30% నుంచి 20%కి" అని రెండు చివర్లూ రాసేశా, ఇక కూడికలూ తీసివేతలూ వాళ్లిష్టం.

ఇంకోటి, తిరుగు లోడ్లలో కొన్ని సేల్స్ వాళ్లు తెచ్చిన పార్టీవి, నేను కుదిర్చింది టైమింగే. మొత్తం నా ఖాతాలో వేసుకుంటే "ఎలా చేశారు" అన్న మొదటి ప్రశ్నకే దొరికిపోతా. 200 కాల్స్ లైను కొట్టేశా. కాల్స్ తగ్గాయని రాద్దామంటే ఎప్పుడూ లెక్క రాసుకోలేదు, రాసుకోని నంబరు నాకెందుకు. దాని బదులు గేటు రిజిస్టర్లో ఇన్ టైము అవుట్ టైము ఉంటాయి కదా, అందులోంచి వెయిటింగ్ తీశా.

చివరికి తేలింది ఇది:

"12 లారీల డిస్పాచ్‌లో 6 ఏళ్ల అనుభవం. సేల్స్ టీంతో కలిసి తిరుగు లోడ్లు ముందే ప్లాన్ చేసి, ఏడాదిలో ఖాళీ కిలోమీటర్లు 30% నుంచి 20%కి తగ్గించాను. గోడౌన్లతో స్లాట్లు ముందే మాట్లాడి, అన్‌లోడింగ్ దగ్గర సగటు వెయిటింగ్ 4 గంటల నుంచి రెండున్నరకు తెచ్చాను. ఇదే పనిని కోఆర్డినేటర్‌గా కస్టమర్, గోడౌన్, ట్రాన్స్‌పోర్టర్ ముగ్గురి మధ్యా చేయగలను."

ఛాతీ ఏం పెరగలేదు గానీ ప్రతి ముక్కకీ వెనక కాగితం ఉంది. మళ్లీ పిలిచారు. మేడమ్ ఈసారి తలూపుతూ చదివి, ఆ రెండున్నర గంటల దగ్గర వేలు పెట్టి "ఇది బావుంది" అన్నారు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను. సైలెంట్‌లో పెట్టడం మర్చిపోయా. కట్ చేద్దామని తీస్తే వేలు తగిలి స్పీకర్లో ఎత్తేసింది.

"అన్నా, పొద్దున్నుంచి గేటు బయటే ఉన్నా, ఇంతకీ మన స్లాట్ ఎన్నింటికి?"

మేడమ్ వాచీ చూసుకుని పెన్ను తీశారు. "ఇది కూడా సగటులో కలపమంటారా?"