మాత్రతో పాటు టేపు కూడా

భ్రమలు, చెవిలో మాటలు వంటి మానసిక జబ్బుకు హాలోపెరిడాల్ వేసుకునే రోగికి మెడ ఓ పక్కకు పట్టేస్తే ఇంట్లోవాళ్లు ఆ పూటే ఆస్పత్రికి పరుగెత్తుతారు. అదే జబ్బుకు ఒలాంజపిన్ వేసుకునే కుర్రాడు నెలకు మూడు కిలోలు పెరిగితే మాత్రం ఒళ్లు చేశాడని సంతోషిస్తారు. ఓపీలోనూ నిద్ర పడుతోందా, చెవిలో మాటలు తగ్గాయా అన్న ప్రశ్నలతోనే సరిపెట్టి, తూకం వేయకుండా చీటీ రాసిచ్చేస్తే ఆ పొరపాటు ఎవరి కంటా పడదు.

హాలోపెరిడాల్ వంటి పాత మందుల ప్రధాన లక్ష్యం, మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే డీ2 రిసెప్టార్లు. వాటిలో దాదాపు 65 శాతం మూతపడితే భ్రమలు తగ్గుముఖం పడతాయి. 80 శాతం దాకా వెళితే కదలికలను నడిపే భాగంలోనూ డోపమైన్ పని కుంటుపడి వణుకు, బిగుతు మొదలవుతాయి. మేలుకూ కీడుకూ మధ్య ఉన్న జాగా అంతే. ఒలాంజపిన్ వంటి కొత్త మందులు సెరటోనిన్ అనే మరో రసాయనానికి చెందిన 2ఏ రిసెప్టార్లను కూడా అడ్డుకుంటాయి. దానివల్ల కదలికల భాగంలో డోపమైన్ విడుదల కొంత పెరిగి బిగుతు తక్కువగా ఉంటుంది. అయితే ఒలాంజపిన్ అక్కడితో ఆగదు. హిస్టమిన్ హెచ్1, సెరటోనిన్ 2సీ రిసెప్టార్లనూ మూసేస్తుంది. ఎంత తిన్నా కడుపు నిండినట్టు అనిపించదు. షుగర్, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు చాలావరకు ఆ బరువు వెంటే వస్తాయి, కొందరిలో బరువు పెరగకముందే కనిపిస్తాయి.

ఏం చేయాలో 2004లోనే అమెరికా డయాబెటిస్, సైకియాట్రీ సంఘాలు కలిసి చెప్పాయి. మందు మొదలుపెట్టే రోజే బరువు, నడుం కొలత, బీపీ, పరగడుపు షుగర్, కొవ్వుల పరీక్ష చూడాలి. 4, 8, 12 వారాలకు మళ్లీ తూకం వేయాలి. 12వ వారంలో బీపీ, షుగర్, కొవ్వులు కూడా చూడాలి. మొదటి రోజు 60 కిలోలున్న రోగినే తీసుకుందాం. బరువు ఐదు శాతం పెరగడమే హద్దు, అంటే అతనికి మూడు కిలోలు. ఎనిమిదో వారానికి ముల్లు 63 దాటితే మందు మార్చే ఆలోచన అప్పుడే చేయాలి, 75 అయ్యాక కాదు. బరువు తక్కువగా పెంచే ఆరిపిప్రజోల్‌కు క్రమంగా మార్చవచ్చు. ఒలాంజపిన్‌తోనే కుదురుకున్న రోగికైతే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ జోడించడం మేలు.

మార్చాక కాళ్లమీదా ఓ కన్నేయాలి. ఆరిపిప్రజోల్‌తో కొందరు కుర్చీలో నిమిషం కూర్చోలేరు, నిలబడితే అడుగులు మార్చుతూనే ఉంటారు. ఇది అకథీసియా. జబ్బు ముదిరిందనుకుని మోతాదు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. మోతాదు తగ్గించడమో, ఉబ్బసం లేనివారికి ప్రొప్రనొలాల్ ఇవ్వడమో దీనికి దారి.

ప్రతి జిల్లా మానసిక వైద్య ఓపీలో తూకం యంత్రం, టేపు ఉండాలి. చీటీ మీద బరువుకు, నడుం కొలతకు గడులు అచ్చువేయాలి. నర్సు ఆ గడులు నింపాకే చీటీ డాక్టరు బల్ల మీదికి వెళ్లాలి. బరువు పెరిగిందని ఇంట్లోవాళ్లు తామే మాత్ర ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది కాబట్టి, ఆ లెక్క చూడాల్సిన బాధ్యత ఆస్పత్రిదే.