ఈఎంఐ మారలేదు సరే, మిగిలిన వాయిదాలు ఎన్ని?

ఊళ్లో నోటు రాసి అప్పు తెచ్చుకున్న మనిషికి వడ్డీ లెక్క నోటికి వస్తుంది. నూటికి రెండు రూపాయలంటే లక్షకు నెలకు రెండు వేలు. మధ్యలో కొంత సొమ్ము కడితే నోటు వెనక చెల్లు రాయిస్తాడు. అందులో వడ్డీకి ఎంత పోయిందో, అసలు ఎంత తగ్గిందో అక్కడే తేల్చుకుని లేస్తాడు. అదే మనిషి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ కోసం బ్యాంకులో 50 లక్షలు తీసుకున్నప్పుడు మాత్రం ‘ఈఎంఐ ఎంత పడుతుంది?’ అని ఒక్క ప్రశ్న అడిగి సంతకాలు పెట్టేస్తాడు. గృహరుణంలో మనవాళ్లు పోగొట్టుకునే డబ్బులో పెద్ద భాగం ఆ ఒక్క ప్రశ్నతో ఆగిపోవడం వల్లే పోతోందని నా వాదన.

బ్యాంకు లెక్కను మన పద్ధతిలోకి తెచ్చుకుంటే భయపడాల్సిందేమీ లేదు. ఏడాదికి 8.5 శాతమంటే నూటికి నెలకు సుమారు 71 పైసల వడ్డీ. 50 లక్షల మీద మొదటి నెల వడ్డీ 35,417 రూపాయలు. ఇరవై ఏళ్ల గడువుకు ఈఎంఐ 43,391. ఇందులోంచి వడ్డీ తీసేస్తే 7,974 మిగులుతుంది. మొదటి నెల అసలుకు జమయ్యేది అంతే. రెండో నెల ఆ మేరకు తగ్గిన బాకీ మీద వడ్డీ కడతారు కాబట్టి వడ్డీ 56 రూపాయలు తగ్గుతుంది, ఆ 56 అసలు వైపు చేరుతుంది. ఇరవై ఏళ్ల పాటు ప్రతి నెలా జరిగేది ఇదే. బ్యాంకులు రోజువారీ బాకీ మీద లెక్కిస్తే కొద్ది రూపాయలు అటూ ఇటూ కావచ్చు, అంతకు మించి తేడా ఉండదు.

‘బ్యాంకువాళ్లు ముందు వడ్డీ అంతా లాగేసి, తర్వాత అసలు తీసుకుంటారు’ అనే మాట బాగా ప్రచారంలో ఉంది. అది తప్పు. ఏ నెల వడ్డీ ఆ నెల బాకీ మీదే పడుతుంది, ముందుగా లాక్కునేది ఏమీ లేదు. మొదట్లో బాకీ పెద్దది కాబట్టి వడ్డీ పెద్దది, అంతే. అయినా ఫలితం మాత్రం గుండె జారేలాగే ఉంటుంది. మొదటి ఏడాది 5,20,694 రూపాయలు కడితే అసలు తగ్గేది 99,512. అయిదేళ్లలో 26 లక్షలు కట్టినా ఇంకా 44 లక్షల బాకీ ఉంటుంది. పదేళ్లకు, అంటే గడువు సగం అయిపోయాక, 52 లక్షలు కట్టేసి ఉంటారు. తీసుకున్న అప్పు కంటే ఎక్కువ కట్టినట్టే. బాకీ మాత్రం ఇంకా 35 లక్షలు.

ఈ లెక్కలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈఎంఐలో అసలు వాటా వడ్డీ వాటాను దాటే నెల ఎప్పుడొస్తుందన్నది అప్పు ఎంత అన్నదాని మీద ఆధారపడదు, మిగిలిన వాయిదాల మీదా వడ్డీ రేటు మీదా ఆధారపడుతుంది. 8.5 శాతం దగ్గర, చివరి 98 వాయిదాల్లో మాత్రమే అసలు వాటా పెద్దది. అప్పు పది లక్షలైనా కోటి అయినా ఇదే. ఇరవై ఏళ్ల రుణంలో ఆ మలుపు 143వ వాయిదా దగ్గర, అంటే పన్నెండో ఏడాది ఆఖర్లో వస్తుంది. ఎనిమిదేళ్ల గడువు పెట్టుకున్నవారికి మొదటి నెల నుంచే అసలు వాటా ఎక్కువ. ముప్పై ఏళ్లు పెట్టుకున్నవారు దానికోసం దాదాపు 22 ఏళ్లు ఎదురుచూడాలి.

ముప్పై ఏళ్ల గడువుతో అదే 50 లక్షలకు ఈఎంఐ 38,446కు దిగుతుంది. నెలకు దాదాపు అయిదు వేలు మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ మొదటి నెల అసలుకు పడేది 3,029 రూపాయలే. ఈఎంఐలో తగ్గిన ప్రతి రూపాయీ అసలు వాటాలోంచే పోయింది, వడ్డీలోంచి ఒక్క పైసా తగ్గలేదు. మొత్తం మీద 34 లక్షలు అదనంగా కట్టాల్సి వస్తుంది.

ఇక్కడివరకు అప్పు తీసుకునేవాడు తెలిసి ఒప్పుకున్న గడువు. అతను ఒప్పుకోకుండానే గడువు సాగిపోయే సందర్భం వేరే ఉంది, అసలు ప్రమాదం అక్కడుంది. రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకిచ్చే అప్పు మీద తీసుకునే వడ్డీని రెపో రేటు అంటారు. అది 2022 మే మొదట్లో 4 శాతం. 2023 ఫిబ్రవరికి 6.5 శాతమైంది. రెపోకు ముడిపడిన గృహరుణాల వడ్డీ ఆ మేరకు పెరిగింది. అయినా చాలామంది ఖాతాల్లోంచి పోయే ఈఎంఐ పెద్దగా మారలేదు. మారలేదు కాబట్టి వాళ్లు పట్టించుకోలేదు. మారింది గడువు.

ఒక కేసు లెక్క కడదాం. 6.75 శాతానికి ఇరవై ఏళ్లకు 50 లక్షలు తీసుకున్నారు, ఈఎంఐ 38,018. రెండేళ్లు సక్రమంగా కట్టారు. బాకీ 47,46,556, మిగిలిన వాయిదాలు 216. ఇప్పుడు వడ్డీ 9.25 శాతమైంది. నిజానికి అది విడతల వారీగా పెరిగింది గానీ, లెక్క సులువు కోసం ఒకేసారి అనుకుందాం. ఆ బాకీ మీద నెల వడ్డీ 36,588. ఈఎంఐని కదపకపోతే అసలుకు పడేది 1,430 రూపాయలు. అంతకు ముందు నెల అదే ఈఎంఐలో పదకొండు వేలకు పైగా అసలుకు పడేది. ఇక వాయిదాలు ఎన్ని మిగులుతాయో స్ప్రెడ్‌షీట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు:

```
=NPER(9.25%/12, -38018, 4746556)
```

జవాబు 427. పద్దెనిమిదేళ్లలో తీరాల్సిన బాకీకి 35 ఏళ్లకు పైగా పడుతుంది. రేటు 9.6 శాతం దాటితే ఈఎంఐ వడ్డీకే చాలదు, కడుతూ ఉన్నా బాకీ పెరుగుతూ పోతుంది. అదే 216 వాయిదాలు నిలుపుకోవాలంటే ఈఎంఐ 45,193 కావాలి. నెలకు 7,175 ఎక్కువ. మధ్యతరగతి ఇంటికి అది బరువే, కాదనను. కానీ ఆ బరువు ఎత్తుకోనందుకు చివరివరకు అదే రేటు ఉంటే కట్టే మూల్యం దాదాపు 65 లక్షలు. రుణగ్రహీత వయసు, పాలసీలో ఉన్న గరిష్ఠ గడువు అడ్డొస్తాయి కాబట్టి బ్యాంకులు సాధారణంగా 427 దాకా పోనివ్వవు. గడువు హద్దుకు చేరాక ఈఎంఐ పెంచుతాయి. అప్పటికి ఎన్నో నెలల ఈఎంఐలు వడ్డీకే కరిగిపోయి ఉంటాయి.

రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో దీని మీద ఆదేశాలిచ్చింది. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంత కొంత పెంచాలా అన్నది రుణగ్రహీతను అడగాలి. గడువు సాగదీసినా బాకీ పెరిగే పరిస్థితి రాకూడదు. మూడు నెలలకోసారి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో ఇప్పటివరకు వసూలైన అసలు, వడ్డీ, మిగిలిన వాయిదాల సంఖ్య, వడ్డీ రేటు చూపించాలి. మంచి ఆదేశమే. కానీ కాగితం వచ్చినంత మాత్రాన ఎవరూ చదవరు. ఆ స్టేట్‌మెంట్‌లో చూడాల్సింది ఒక్కటే: మిగిలిన వాయిదాల సంఖ్య మూడు నెలల్లో మూడు తగ్గిందా? తగ్గకపోయినా, పెరిగినా గడువు మీద చెయ్యి పడిందన్నమాట. వెంటనే బ్రాంచికి రాతపూర్వకంగా ఈఎంఐ పెంచి పాత గడువు నిలపమని అడగాలి.

గడువు పొడవుగా ఉండటమే మంచిదనే వాదం ఉంది. జీతం పెరుగుతుంది, రూపాయి విలువ తగ్గుతుంది, మిగిలిన డబ్బు ఫండ్లలో పెడితే ఎక్కువ వస్తుంది, వడ్డీ మీద పన్ను మినహాయింపు కూడా ఉంటుందంటారు. నిజంగా ఆ అయిదు వేలను ప్రతి నెలా తప్పకుండా పెట్టుబడిలో పెట్టేవాళ్లకు ఈ లెక్క నప్పవచ్చు. మిగిలినవారికి అది ఖర్చుల్లో కలిసిపోతుంది. పన్ను సంగతికొస్తే, కొత్త విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి రుణ వడ్డీకి మినహాయింపే లేదు. పాత విధానంలోనూ రెండు లక్షలకు మించదు, మన మొదటి ఉదాహరణలో తొలి ఏడాది వడ్డీయేమో 4.21 లక్షలు.

ముందస్తుగా అసలు కట్టే విషయంలోనూ మిగిలిన వాయిదాల లెక్కే దారి చూపిస్తుంది. 50 లక్షలు, 8.5 శాతం, ఇరవై ఏళ్ల రుణంలో మొదటి ఏడాది చివర లక్ష రూపాయలు అదనంగా కడితే పదకొండు వాయిదాలు ఎగిరిపోతాయి, దాదాపు 3.8 లక్షల వడ్డీ తప్పుతుంది. అదే లక్ష పదేళ్ల తర్వాత కడితే తగ్గేవి అయిదు వాయిదాలు, తప్పే వడ్డీ 1.3 లక్షలు. రెండు చోట్లా ఆ లక్షకు దక్కేది ఏటా 8.5 శాతమే, మొదటి దానికి ఎక్కువ ఏళ్లు దక్కుతుంది. వడ్డీ మారుతూ ఉండే ఫ్లోటింగ్ రేటు గృహరుణాలపై వ్యక్తుల దగ్గర ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదని బ్యాంకులకు 2012 నుంచీ నిబంధన ఉంది. ఒక్క జాగ్రత్త: కట్టేటప్పుడు ‘గడువు తగ్గించండి’ అని రాసివ్వాలి. ఈఎంఐ తగ్గించే పద్ధతిలో జమ వేస్తే ఆ పదకొండు వాయిదాలూ ఎక్కడివక్కడే ఉంటాయి. రేట్లు దిగినప్పుడూ అంతే. 2025లో రెపో 6.5 నుంచి 5.25 శాతానికి వచ్చింది. 2022-23లో రేట్లు పెరిగినప్పుడు గడువు సాగినవారు ఈఎంఐ అలాగే ఉంచి, పెరిగిన వాయిదాలు వెనక్కి తగ్గాయో లేదో చూసుకోవాల్సిన సమయం ఇది.

ఇదంతా కష్టమైన గణితం కాదు. మరి నోటు వెనక చెల్లు చదవగలిగిన మనిషి బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర ఎందుకు ఆగిపోతున్నాడు? నా దృష్టిలో దీనికి మూలం భాష. అసలు, వడ్డీ, బాకీ, వాయిదా, చెల్లు అనే చక్కటి మాటలు మనకుండగా, కాగితం మీద అవేవీ కనబడవు. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో, రుణం ముఖ్య వివరాల పత్రం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలని, అందులోని విషయం వివరించి చెప్పాలని, వాయిదాల వారీ పట్టిక కూడా జతచేయాలని చెప్పింది. సంతకం పెట్టే ముందు ఆ పత్రాన్ని తెలుగులో అడగడం హక్కు. అడిగేవాళ్లు పెరిగితేనే ఇచ్చేవాళ్లు పెరుగుతారు. రేటు మారిన రోజు ఫోన్‌కు వచ్చే సందేశం కూడా తెలుగులోనే, ఇలా ఉండాలి: ‘మీ వడ్డీ 9.25 శాతమైంది. మీ 38,018 ఈఎంఐలో ఈ నెల అసలుకు పడేది 1,430. మిగిలిన వాయిదాలు 216 నుంచి 427 అవుతాయి. ఈఎంఐ 45,193 చేస్తే 216గానే ఉంటాయి. ఏది కావాలో తెలపండి.’