మాంగల్యధారణ ఫైలు తెరుచుకోకపోతే సాఫ్ట్‌వేర్ కాదు, ముందు రిఫరెన్స్ క్లిప్ వెతకండి

ముహూర్తాలు మొదలయ్యాయంటే చాలు, వీడియోగ్రాఫర్ల గ్రూపుల్లో ఇదే గోల. "బ్యాటరీ పోయింది, క్లిప్ ప్లే అవ్వట్లేదు, మంచి రిపేర్ సాఫ్ట్‌వేర్ చెప్పండన్నా." కింద వరసగా సలహాలు: వీఎల్‌సీలో తెరువు, ఎక్స్‌టెన్షన్ మార్చు, కన్వర్టర్‌లో వెయ్యి, విండోస్‌లో డిస్కును సరిచేసే chkdsk కొట్టు. వీటిలో మొదటి మూడూ టైం దండగ. నాలుగోది మాత్రం ప్రమాదం. వీఎల్‌సీలో పాడైన ఫైలు బాగుచేసే ఆప్షన్ ఉన్నమాట నిజమే, కానీ అది పాత ఏవీఐ ఫైళ్ల కోసం పెట్టింది. ఎంపీ4కి దానితో సంబంధం లేదు.

అసలు ఏం పోయిందో తెలిస్తే ఈ సలహాలు ఎవరూ ఇవ్వరు. కెమెరా రికార్డు చేస్తున్నంతసేపూ ఫైలు మొదట్లో ftyp అనే చిన్న ముక్క రాసి, దాని వెనకే mdat అనే పెద్ద పెట్టెలో బొమ్మ, శబ్దం కలిపి పోసుకుంటూ పోతుంది. ఏ ఫ్రేము ఎక్కడ మొదలైంది, ఎన్ని బైట్లు, ఎంతసేపు చూపించాలి, ఏది కీఫ్రేము అనే లెక్కంతా అప్పటికి కెమెరా మెమరీలోనే ఉంటుంది. మీరు స్టాప్ బటన్ నొక్కాక ఆ లెక్కను moov అనే పట్టికగా ఫైలు చివర రాస్తుంది. స్టాప్ పడకముందే బ్యాటరీ పోయినా, ఎవరైనా కార్డు లాగేసినా ఆ పట్టిక రాదు. అందరూ "హెడర్ పాడైంది" అంటారు గానీ, ఇక్కడ హెడర్ అనేది పాడవలేదు, అసలు పుట్టనే లేదు. లేనిదాన్ని ఏ కన్వర్టర్ బాగుచేస్తుంది?

పట్టికలో పోయేది లెక్క ఒక్కటే అయితే రిఫరెన్స్ క్లిప్, అంటే అదే కెమెరాతో అదే సెట్టింగ్‌లో తీసిన మంచి క్లిప్, లేకుండా కూడా ఎలాగోలా లాగొచ్చు. హెచ్.264లో ప్రతి ముక్క ముందూ దాని పొడవు 4 బైట్లలో రాసి ఉంటుంది కాబట్టి, ఒకదాని వెంట ఒకటి దూకుతూ ఫ్రేములు లెక్కపెట్టుకోవచ్చు. చిక్కంతా ఎస్‌పీఎస్, పీపీఎస్ అనే రెండు చిన్న రికార్డులతో. బొమ్మ వెడల్పు, ఎత్తు, ఏ ప్రొఫైల్, బిట్లను ఏ పద్ధతిలో కుదించారు అనే సంగతులు వాటిలోనే ఉంటాయి. ఇవి లేకుండా డీకోడర్ ఒక్క ఫ్రేము కూడా విప్పలేదు. మొత్తం కలిపి కొన్ని పదుల బైట్లే, కానీ చాలా కెమెరాల ఎంపీ4లో ఇవి ఉండేది moov లోపల. అది రాలేదంటే ఇవీ రానట్టే. అదే కెమెరా, అదే సెట్టింగ్‌లో తీసిన మంచి క్లిప్‌లో మాత్రం ఇవి పొల్లుపోకుండా అవే ఉంటాయి. రిఫరెన్స్ క్లిప్ పని అక్కడి నుంచి వీటిని అరువు తేవడం. వేరే సెట్టింగ్ క్లిప్ ఇస్తే ఫైలు తెరుచుకుంటుంది, పొడవు కూడా చూపిస్తుంది, తెర మీద మాత్రం బూడిదరంగు గళ్లు, ఆకుపచ్చ చారలు. అది చూసి "కార్డు పోయింది" అని చేతులెత్తేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఒక కేసు పెట్టుకుని చూద్దాం. సోనీ కెమెరా, XAVC S HD, 25p 50M. మాంగల్యధారణ నుంచి తలంబ్రాల దాకా ఆపకుండా 22 నిమిషాలు, ఆఖర్లో బ్యాటరీ డౌన్. ఫైలు 8.5 జీబీ చూపిస్తోంది, ఏ ప్లేయర్లోనూ తెరుచుకోదు. ఫైలు వివరాలు చూపించే ffprobe తో చూస్తే moov atom not found అంటుంది.

మొదట ఆ సైజును లెక్కతో పోల్చాలి. సెకనుకు 50 మెగాబిట్లంటే 6.25 మెగాబైట్లు. ఈ ఫార్మాట్‌లో ఆడియో కుదించని పీసీఎం: 48,000 శాంపిళ్లు, 2 చానళ్లు, శాంపిల్‌కు 2 బైట్లు, అంటే సెకనుకు 1,92,000 బైట్లు. రెండూ కలిపి సుమారు 6.44 మెగాబైట్లు. 22 నిమిషాలకు, అంటే 1,320 సెకన్లకు 8.5 జీబీ. లెక్క కుదిరింది. ఫైలు 8.5కి బదులు 2 జీబీయే ఉంటే రిపేర్ ఎంత బాగా చేసినా వచ్చేది ఐదు నిమిషాలే, మిగతాది కార్డులో వేరేచోట వెతకాలి. కొన్నిసార్లు సైజు సున్నా చూపిస్తుంది. ఫైలు మూసేటప్పుడు కెమెరా రాయాల్సిన సైజు రాయలేదన్నమాట. డేటా కార్డులో ఉండే అవకాశం ఉంది కాబట్టి దాన్ని డిలీట్ అయిన ఫైలులాగే చూడాలి.

ఇక కార్డును ముట్టుకోకుండా దాని ఇమేజ్, అంటే కార్డు మొత్తానికి బైటు బైటునా నకలు, తీసుకోవాలి. కంప్యూటర్‌లో పెట్టగానే విండోస్ "స్కాన్ చేసి సరిచేయనా" అంటుంది. వద్దనండి. లినక్స్‌లో అయితే ఇంతే (sdX బదులు మీ కార్డు పేరు, lsblk కొడితే తెలుస్తుంది):

```
ddrescue -d /dev/sdX card.img card.map
```

ఫైలు కాపీ చేసుకున్నాక మొదలు, మధ్య ఒకసారి చూడాలి:

```
xxd -l 64 broken.mp4
xxd -s 4000000000 -l 256 broken.mp4
```

మొదటి వరసలో ftyp కనిపించాలి. మధ్యలో రకరకాల అంకెలు గజిబిజిగా కనిపిస్తే మంచిదే, అది మీ వీడియో. ఎన్నిచోట్ల చూసినా 00 00 00 తప్ప ఏమీ లేకపోతే అక్కడ డేటాయే లేదు, ఏ రిఫరెన్స్ క్లిప్పూ దాన్ని పుట్టించలేదు. ఈ రెండు నిమిషాల పని చేయకుండానే వేలు పోసి లైసెన్సులు కొంటున్నారు.

రిఫరెన్స్ క్లిప్ సంగతి. అన్నిటికంటే మంచిది అదే రోజు, అదే కెమెరాతో, సెట్టింగ్ మార్చకుండా తీసిన ఇంకో క్లిప్: గౌరీపూజదో, స్నాతకానిదో కార్డులోనే ఉంటుంది. అది లేదంటే కొత్తగా తీయాలి, వేరే కార్డు మీద. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. "రిఫరెన్స్ తియ్యి" అనగానే అదే కార్డు కెమెరాలో పెట్టి రికార్డు నొక్కేవాళ్లున్నారు. ఫైలు డిలీట్ అయిన కేసులో ఆ కొత్త క్లిప్ వెళ్లి కూర్చునేది ఖాళీ అని రాసి ఉన్న చోట, అంటే సరిగ్గా మీరు వెతుకుతున్న వీడియో మీద. కోడెక్, రిజల్యూషన్, ఫ్రేమ్ రేటు, బిట్ రేటు, ఆడియో రకం, చానళ్ల సంఖ్య అన్నీ ఒకటే ఉండాలి. మధ్యలో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి ఉంటే, అప్‌డేట్‌కు ముందటి పాత క్లిప్ దొరుకుతుందేమో చూడండి. పొడవు ఒకటి రెండు నిమిషాలుంటే చాలు. లెన్స్ మూత పెట్టి నల్ల తెర తీయకండి, కదలిక, శబ్దం ఉండాలి. స్టాప్ నొక్కి మామూలుగా ముగించాలి.

రిపేర్‌కు untrunc చాలు, ఉచితం. దీనికి రెండు వెర్షన్లున్నాయి. పాతదానికంటే anthwlock పేరుతో ఉన్నదే వాడమంటాను, పెద్ద ఫైళ్లతో అది నయం.

```
untrunc good.mp4 broken.mp4
```

మంచి ఫైలు ముందు, పాడైంది తర్వాత. ఫలితం _fixed అనే పేరుతో వేరే ఫైలుగా వస్తుంది, కాబట్టి డిస్కులో ఇంకో 8.5 జీబీ ఖాళీ ఉంచుకోండి.

తేడా కొట్టేది ఎక్కువగా ఆడియో దగ్గర. వీడియో ముక్కకు ముందు పొడవు ఉంటుంది, పీసీఎం ఆడియోకు ఏ గుర్తూ ఉండదు. ఏ బైటైనా శబ్దమే అనిపించుకోగలదు. అందుకే టూల్ మంచి క్లిప్‌లోని వరుసను చూసి నేర్చుకుంటుంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేముకు పడే ఆడియో 7,680 బైట్లు. మంచి క్లిప్‌లో 12 ఫ్రేములకొకసారి ఆడియో ముక్క వస్తుంటే, ఆ ముక్క 92,160 బైట్లు. పాడైన ఫైలులోనూ అంతే దూకితే మళ్లీ వీడియో తగలాలి. మీ రిఫరెన్స్ 50p లోనో, 4 చానళ్లలోనో తీసి ఉంటే ఈ దూకుడు తప్పుతుంది. అప్పుడు బొమ్మ కాసేపు బాగానే వచ్చి, శబ్దంలో బరబరమని హోరు వినిపిస్తుంది. ఆ హోరు వీడియో డేటాను ఆడియో అనుకుని వాయించడమే. అది వినగానే కార్డును అనుమానించకండి, రిఫరెన్స్ మార్చండి.

ఒకచోట ఆగిపోయి మిగతాది రాకపోతే -s పెట్టి మళ్లీ నడపండి. తెలియని బైట్లు తగిలినప్పుడు ఆగకుండా వాటిని దాటి ముందుకు వెళ్తుంది. ఫోన్ వీడియోల్లో ఇంకో తలనొప్పి ఉంది. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేమ్ రేటు మారుస్తాయి, ఆ టైములన్నీ moov తోనే పోయాయి. కాబట్టి బొమ్మ, మాట మొదట్లో కలిసి పోనుపోను విడిపోతాయి. -sv పెడితే వీడియోను ఆడియో పొడవుకు సాగదీస్తుంది. అది సర్దుబాటే, అసలు టైములు ఇక రావు.

వచ్చిన ఫైలును మొదటి పది సెకన్లు చూసి పార్టీకి ఫోన్ చేసేయకండి. మధ్యలో, చివర్లో పంతులుగారి పెదాలు, మంత్రం కలుస్తున్నాయో చూడండి. తర్వాత, వచ్చిన ఫైలు పేరు పెట్టి, మొత్తంలో ఎర్రర్లు ఎక్కడున్నాయో చూడండి:

```
ffmpeg -v error -i broken.mp4_fixed.mp4 -f null -
```

చివర్లో ఒకటి రెండు ఎర్రర్లు మామూలే, కరెంటు పోయిన క్షణంలో సగం రాసిన ఫ్రేము అది. మధ్యలో గుంపులుగా వస్తే అక్కడ డేటా పోయినట్టు.

డిలీట్ అయిన ఫైలు వేరే కథ. అక్కడ moov నిక్షేపంగా కార్డులోనే ఉండొచ్చు, కాబట్టి ముందే untrunc మీద పడకూడదు. 64 జీబీ, ఆపై కార్డులు మామూలుగా ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటాయి. అందులో డిలీట్ అంటే ఆ పేరు "వాడుకలో లేదు" అని గుర్తు పెట్టడం, ఆ స్థలాన్ని ఖాళీగా ప్రకటించడం. ఫైలు ఒకేచోట వరసగా ఉండి, మీద ఏమీ రాయకపోతే, మొదలు, పొడవు తెలుసు కాబట్టి అన్‌డిలీట్ టూల్‌తో చెక్కుచెదరకుండా వస్తుంది. ముక్కలు ముక్కలుగా ఉంటేనే గొడవ: 40 సెకన్లు చక్కగా వచ్చి, ఆ తర్వాత వేరే క్లిప్ దృశ్యాలో, చెత్తో వస్తుంది. మధ్యమధ్య క్లిప్పులు తీసేసి ఖాళీ చేసుకుంటూ తీసే అలవాటున్న కార్డుల్లో ఇది ఎక్కువ. అప్పుడు రిఫరెన్స్ క్లిప్ దొరికిన ముక్కను ప్లే చేయించగలదు గానీ, దొరకని ముక్క ఎక్కడుందో చెప్పలేదు.

ఇవన్నీ మీ వల్ల కాకపోతే రికవరీ షాపుకే ఇవ్వండి, తప్పేం లేదు. కార్డుతో పాటు అదే సెట్టింగ్‌లో తీసిన నిమిషం క్లిప్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. "కెమెరా ఏది, ఏ సెట్టింగ్, మంచి క్లిప్ ఒకటుందా" అని అడక్కుండానే రేటు చెప్పి అడ్వాన్స్ అడిగితే, కార్డు వెనక్కి తీసుకుని వచ్చేయండి.