కుక్క పోయిన ఇంటికి పంపకూడని మెసేజ్

"మీ కుక్క చనిపోయిందా? ఏడుస్తూ కూర్చుంటే తిరిగి రాదు. ముందే గమనించి డాక్టరుకు చూపించి ఉంటే బతికేది, ఇప్పుడు అనుకొని ఏం లాభం? సూది వేయించి పంపిన వాళ్లకి ఆ పాపం తప్పదు. పిల్లలకు మాత్రం ఊళ్లో తోటకు పంపామని చెప్పండి. వారంలోపు అలాంటిదే ఇంకో పిల్లను తెచ్చుకోండి, అంతా మర్చిపోతారు."

దీన్ని ఫార్వర్డ్ చేసేవాళ్లు ఓదార్చాలనే చేస్తుంటారు. కానీ చదివే మనిషి రాత్రంతా నిద్రలేకుండా ఏ ప్రశ్నతో కుమిలిపోతున్నాడో, సరిగ్గా ఆ ప్రశ్నకే ఇది తప్పు జవాబు ఇస్తుంది. అందుకని ఒక్క ఉదాహరణ పట్టుకొని, మాట తర్వాత మాట చూద్దాం. తిరుపతి బైరాగిపట్టెడలో ఒక ఇల్లు అనుకోండి. పన్నెండేళ్ల లాబ్రడార్, ముప్పై కిలోల బరువు, పేరు బ్రూనో. కిడ్నీలు పాడై చనిపోయింది. ముసలి కుక్కలను తీసుకెళ్లే జబ్బుల్లో ఇది బాగా మామూలుగా కనబడేది.

మొదట "ముందే గమనించి ఉంటే" అన్న మాట. ఈ జబ్బులో ఇంటివాళ్ల కంటబడేది నీళ్లు ఎక్కువ తాగడం. కుక్క మామూలుగా రోజుకు కిలో బరువుకు యాభై అరవై మిల్లీలీటర్ల నీళ్లు తాగుతుంది. బ్రూనో లాంటిదానికి లీటరున్నర నుంచి రెండు లీటర్ల లోపు. కిలోకు వంద మిల్లీలీటర్లు దాటితే, అంటే దీనికి మూడు లీటర్లు మించితే, ఏదో జబ్బు ఉందని అనుమానించాలి. లెక్క సులువే. కానీ తిరుపతిలో ఏప్రిల్, మే నెలల ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. దట్టమైన బొచ్చున్న లాబ్రడార్ నాలుక బయటపెట్టి రొప్పుతూ ఉంటుంది. గిన్నె ఖాళీ అయిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు నింపుతారు. అమ్మ ఒకసారి, నాయన ఒకసారి, బడి నుంచి వచ్చిన పిల్లోడు ఒకసారి. మొత్తం ఎంతయిందో ఏ ఒక్కరికీ తెలిసే వీలు లేదు. "ఎండలకి తాగతా ఉండాదిలే అనుకుంటిమి" అని ఆ తర్వాత ఇంటిల్లిపాదీ తల పట్టుకుంటారు. ఒళ్లు తగ్గడాన్ని వయసు మీద వేస్తారు, అదీ సహజమే.

ఇక్కడ తెలియాల్సిన అసలు సంగతి ఇంకోటుంది. కిడ్నీల్లో దాదాపు మూడింట రెండు వంతుల పని ఆగిపోయేదాకా మిగిలిన భాగమే మొత్తం భారం మోస్తుంది, బయటికి ఏమీ కనబడదు. నీళ్లు ఎక్కువ తాగడం, మూత్రం ఎక్కువ పోవడం ఆ తర్వాతే మొదలవుతాయి. కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే మలినం రక్తపరీక్షలో పెరిగి కనబడాలంటే దాదాపు ముప్పావు వంతు పోయి ఉండాలి. కాబట్టి కళ్లతో చూసి "ముందే గమనించడం" అనేది చాలావరకు జరగని పని. కుక్క మూలగదు, కుంటదు, పిలిస్తే తోక ఊపుకుంటూనే వస్తుంది.

అయితే నిజం దాచి ఓదార్చడం కూడా సరికాదు. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కకు ఏడాదికోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయిస్తే కొన్నిసార్లు జబ్బు ముందుగా దొరుకుతుంది. ప్రత్యేకమైన మేతతో, మందులతో కొన్ని నెలలు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ కాలమే కలిసి రావచ్చు. కానీ పాడైన భాగం మళ్లీ రాదు. ముందుగా దొరికి ఉంటే ఇంకొంత కాలం ఉండేదేమో గానీ, నయమయ్యే జబ్బు మాత్రం కాదు. ఈ రెండింటికీ మధ్య తేడా బాధలో ఉన్న మనిషికి చాలా పెద్దది.

అందుకే "నీ తప్పేం లేదులే" అని ఒక్క ముక్కలో తేల్చేయడం పనిచేయదు. వాళ్లు దాన్ని నమ్మరు, ఎందుకంటే ఆ మాట ఎవరికైనా చెప్పొచ్చు. జరిగినదాన్ని పట్టుకొని చెప్పండి: "అక్కా, ఆ ఎండల్లో ఎవరికైనా అట్లే అనిపిస్తుంది. నీళ్లు ఎక్కువ తాగేది మనకి కనబడేసరికే కిడ్నీలు సగానికి పైన పోయుంటాయంట. కనబడినాక నువ్వు ఆలస్యం చేయలేదు." నిజంగానే పొరపాటు జరిగిన ఇళ్లూ ఉంటాయి. గేటు తెరిచి ఉండి రోడ్డు మీదికి పోయిందనుకోండి. అక్కడ గేటు సంగతి లేనట్టు మాట్లాడకండి. "గేటు తెరిచుండింది నిజమే అన్నా, కానీ వాడికి హాని జరగాలని తెరిచింది కాదు గదా" అనండి. అది నిజమూ అవుతుంది, ఓదార్పూ అవుతుంది.

పాపం గురించిన మాట అన్నిటికన్నా క్రూరమైనది. కిడ్నీలు చివరి దశకు వచ్చాక రక్తంలో మలినాలు పేరుకుంటాయి. నోట్లో పుండ్లు పడతాయి, ఊపిరి అమోనియా వాసన కొడుతుంది, మందు వేసినా వాంతులు ఆగవు, లేచి నిలబడలేదు, కొన్నిటికి ఫిట్స్ వస్తాయి. బాధ లేకుండా ప్రాణం పోయేలా డాక్టరు వేసే ఆ సూది వేయించకపోతే ఇదే ఇంకొన్ని రోజులు సాగుతుంది. ఆ ఇంటివాళ్ల ముందు ఉన్నది బతుకా చావా అనే ఎంపిక కాదు, ఆ చావు ఎలా ఉండాలన్నదే. అలాగని సూది వద్దనుకొని చివరిదాకా ఒళ్లో పెట్టుకొని చూసుకున్నవాళ్లను కూడా తప్పు పట్టకూడదు. రెండు దారుల్లోనూ ఉన్నది ఆ జీవి మీది ప్రేమే.

సూది రోజున ఏం జరుగుతుందో తెలియక చాలామంది ఏళ్ల తరబడి బాధపడతారు, కాబట్టి కాస్త వివరంగానే చెప్పాలి. మామూలుగా ముందు శాంతపరిచే మందు ఇస్తారు. దానితో కొన్ని కుక్కలు వాంతి చేసుకుంటాయి, అది మందు గుణం. తర్వాత ముంజేతి దగ్గర నరంలో సూది అమర్చి, మత్తుమందును ఆపరేషన్‌కు ఇచ్చేదానికన్నా చాలా ఎక్కువ మోతాదులో ఎక్కిస్తారు. ముందు స్పృహ పోతుంది, కొన్ని క్షణాల్లోనే. ఆ తర్వాతే ఊపిరి ఆగుతుంది, నిమిషాల్లో గుండె ఆగుతుంది. డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని నిర్ధారిస్తాడు.

ఇంటివాళ్లను వెంటాడేవి మూడు దృశ్యాలు. మొదటిది, కళ్లు మూతపడకపోవడం. "నన్నే చూస్తా పోయినాడు" అంటారు. చనిపోయాక కుక్క రెప్పలు సాధారణంగా వాటంతట అవి మూతపడవు. ఆ కళ్లు తెరిచి ఉన్నా, చూసే స్పృహ అప్పటికే పోయింది. రెండోది, అంతా అయిపోయిందనుకున్నాక ఒకటి రెండుసార్లు పెద్దగా ఊపిరి తీసినట్టు కదలడం, మూత్రం పోవడం. అవి కండరాలు వాటంతట అవే చేసే పనులు. దానికి నొప్పి తెలిసిందని గానీ, బతకడానికి పెనుగులాడిందని గానీ కాదు. మూడోది, నరం దొరక్క రెండు మూడు చోట్ల గుచ్చడం. ఒంట్లో నీళ్లు తగ్గిపోయిన కుక్కకు నరాలు అణిగిపోతాయి, ఎంత చేయి తిరిగిన డాక్టరుకైనా దొరకడం కష్టం. మీకు తెలిసినవాళ్లు వీటిలో ఏదో ఒకటి చెప్పుకొని ఏడుస్తుంటే, మాట మార్చకండి. ముందు పూర్తిగా చెప్పనివ్వండి, తర్వాత ఇది చెప్పండి.

ఖననం గురించి ఒక్క మాట. సూదితో పోయిన కుక్క ఒంట్లో ఆ మందు ఉంటుంది. దాన్ని తిన్న వీధికుక్కకో గద్దకో ప్రాణాపాయం. మూడు నాలుగు అడుగుల గొయ్యి తీసి, బావికీ బోరుకూ దూరంగా, ప్లాస్టిక్ కవర్లో కాకుండా గుడ్డలో చుట్టి పూడ్చాలి. మన రాళ్ల నేలలో అంత లోతు దిగకపోతే పైన బండలు పేర్చాలి. ఆ గొయ్యి తవ్వడానికి పారతో వచ్చిన పక్కింటి మనిషి ఏ ఓదార్పు మాటా అనక్కర్లేదు.

ఇక పిల్లల సంగతి. తోటకు పంపామని చెబితే, గంగజాతరకు ఊరికి పోయినప్పుడు చూద్దామని పిల్లోడు అడుగుతాడు. అప్పుడు ఇంకో అబద్ధం కావాలి. చివరికి నిజం తెలిసినప్పుడు వాడికి కుక్క పోయిన బాధకు తోడు, అమ్మా నాయనా మోసం చేశారన్న బాధ కూడా మిగులుతుంది. "నిద్రపోయింది" అనడం ఇంకా ప్రమాదం, నాలుగైదేళ్ల పిల్లలు రాత్రి పడుకోవడానికే భయపడతారు. సూటిగా, తక్కువ మాటల్లో చెప్పండి: "బ్రూనోకి పెద్ద జబ్బు చేసింది నాయనా. డాక్టరు మందులిచ్చినా బాగు కాలేదు. వాడు చనిపోయినాడు. ఇంక రాడు. మాకూ ఏడుపొస్తా ఉండాది." ఆ తర్వాత, వాడు అడగకపోయినా ఒకటి చెప్పాలి. తను తోక లాగినందుకో, కసురుకున్నందుకో పోయిందని చిన్నపిల్లలు లోపల్లోపల అనుకుంటారు, బయటికి చెప్పరు. "నువ్వు చేసినదాని వల్ల కాదు" అన్న మాట వాళ్లకు వినబడాలి. సూది సంగతి తెలిసిన పిల్లలకు, వాళ్లకు జ్వరానికి వేసే సూది వేరు, ఇది వేరు అని కూడా చెప్పండి, లేదంటే వచ్చేసారి ఆసుపత్రిలో గొడవ ఖాయం. చిన్నవాళ్లు పది రోజుల తర్వాత మళ్లీ "ఎప్పుడొస్తాడు?" అని అడుగుతారు. చావు అంటే మళ్లీ రాకపోవడమని ఆ వయసుకు ఒక్కసారికే అర్థం కాదు. అదే జవాబు, అదే నిదానంతో చెప్పాలి.

వారంలో ఇంకో కుక్కపిల్ల అన్న సలహాకు గడువే తప్పు. పన్నెండేళ్లు పొద్దున్నే గొలుసు నోట కరుచుకొని గేటు దగ్గర నిలబడ్డ కుక్క స్థానంలో, చెప్పులు కొరికి హాల్లో తడిపే రెండు నెలల పిల్ల వస్తుంది. దాన్ని పాత పేరుతో పిలుస్తూ, "వాడైతే ఇట్ల చేసేవాడు కాదు" అనడం మొదలైతే పిల్లను తొందరపడి తెచ్చారని అర్థం. కొందరు నెలకే సిద్ధపడతారు, కొందరికి ఏళ్లు పడుతుంది, కొందరు మళ్లీ పెంచరు. ఈలోగా గిన్నె, గొలుసు తీసేయాలా ఉంచాలా అన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టం. మనిషి వారాల తరబడి తినక, నిద్రపోక, పనికి పోలేక ఉంటే మాత్రం మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్‌కు, 14416కి ఫోన్ చేయించండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. కుక్క కోసం ఫోన్ చేస్తే ఏమనుకుంటారో అని వెనకాడేవాళ్ల పక్కన కూర్చొని మీరే కలిపివ్వండి.

ఇంట్లో రెండో కుక్క ఉంటే అది కూడా వెతుకుతుంది, మేత తగ్గిస్తుంది. దాని నడక, తిండి వేళలు మార్చకండి. రెండు రోజులు ఏమీ ముట్టకపోతే డాక్టరుకు చూపించాలి, దిగులు మాటున జబ్బు ఉండొచ్చు.

పోయింది పార్వో అనే వైరస్ జబ్బుతో పోయిన కుక్కపిల్ల అయితే ఆ వారం సలహా ఇంకో ప్రాణం కూడా తీయొచ్చు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు. ముందు నేలను సబ్బు నీళ్లతో కడిగి మురికి పోగొట్టాలి, మురికి ఉంటే బ్లీచ్ పనిచేయదు. తర్వాత ఇళ్లల్లో వాడే ద్రవ బ్లీచ్ ఒక వంతుకు నీళ్లు ముప్పై వంతులు, అంటే లీటరు నీళ్లకు సుమారు ముప్పై మిల్లీలీటర్లు కలిపి పోసి, పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. అందులో యాసిడ్ గానీ ఫినాయిల్ గానీ కలపకూడదు. మట్టి పెరడును ఇలా శుభ్రం చేయలేం. కాబట్టి కొత్త పిల్లకు పదహారు వారాల వయసు దాటి టీకాలన్నీ పూర్తయ్యేదాకా ఆ ఇంట్లోకి తేకపోవడమే మేలు.