ప్రసారం ఏమైంది, రీప్లే ఎప్పుడు అని అడుగుతున్న సభ్యులకు

గౌరవనీయులైన ఫిల్మ్ సొసైటీ సభ్యులకు,

నిన్న సాయంత్రం మూకీ చిత్రాన్ని, దానికి హార్మోనియం, తబలాలతో సాగిన వాద్య సహకారాన్ని, దూరాన ఉన్న సభ్యుల కోసం చేసిన ప్రత్యక్ష ప్రసారం చివరి అరగంటకు ముందు తెగిపోయిందని సవినయంగా తెలియజేస్తున్నాను. పాత లింకులో అప్పటివరకు జరిగిన భాగమే ఉంటుంది; దాన్ని ఎన్నిసార్లు తెరిచినా మిగిలినది పుట్టదు.

హాలు యాజమాన్యాన్ని తిట్టుకుంటున్నవారికి ఒక మనవి. మధ్యాహ్నం ఖాళీ హాల్లో పరీక్షించినప్పుడు అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ వచ్చింది, మాకు కావలసింది 6. ల్యాప్‌టాప్‌కు వైఫై కాకుండా కేబులే పెట్టాము. అయితే ఆ కేబులూ, తలుపు పక్కన పాస్‌వర్డు అంటించి ఉన్న వైఫై కూడా చివరికి ఒకే కనెక్షన్‌లో కలుస్తాయి. తమరు ఆ పాస్‌వర్డును చిత్ర పరిచయపత్రం కన్నా శ్రద్ధగా చదివారు. కొందరు హాల్లోనే కూర్చుని మన ప్రసారాన్ని ఫోన్లో తెరిచి, అది తెరకన్నా ఎన్ని సెకన్లు వెనుకబడిందో పక్కవారికి చూపించారు. అది డౌన్‌లోడ్ కనుక క్షమిస్తున్నాను. తెరను వీడియో తీసి అక్కడికక్కడే బంధుమిత్రులకు పంపినవారిని మాత్రం క్షమించలేను, ఎందుకంటే అప్‌లోడ్ దారిని ఆక్రమించింది ఆ వీడియోలే. ప్రసారం నడిపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ కింది పట్టీలో సీపీయూ వాడకం తక్కువగానే ఉంది, డ్రాప్‌డ్ ఫ్రేముల, అంటే పంపలేక వదిలేసిన బొమ్మల, అంకె మాత్రం పెరుగుతూ పోయింది. లోపం యంత్రంలో కాక నెట్ దారిలో ఉందనడానికి అదే గుర్తు. వేదిక మీదినుంచి రెండుసార్లు చేతులు జోడించాము. ఆ జోడించిన చేతులను కూడా వీడియో తీసి పంపారండీ!

తెగిన వెంటనే వాట్సాప్ గ్రూపులో కొత్త లింకు పెట్టాము, దానికింద వరుసగా వచ్చిన ప్రశ్న "లింకు ఎక్కడ?"

ఇక రీప్లే. నెట్ తెగినా ల్యాప్‌టాప్‌లో రికార్డింగు ఆగలేదు కనుక రెండు గంటల కార్యక్రమం పూర్తిగా మా దగ్గర భద్రంగా ఉంది. మధ్యలో కరెంటు పోతే ఎంపీ4 ఫైలు తెరుచుకోకుండా పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి దాన్ని ఎంకేవీగా రికార్డు చేశాము. ఎంపీ4గా మార్చడం కొద్ది నిమిషాల పని, నాణ్యత తగ్గదు. ఫైలు దాదాపు 5.4 జీబీ. ఇంటి కనెక్షన్‌లో 10 ఎంబీపీఎస్ నిలకడగా అందితే అప్‌లోడుకు గంటా పావు పడుతుంది, ఆ తర్వాత మొదట మసక బొమ్మ, మరికొంతసేపటికి స్పష్టమైన బొమ్మ వస్తాయి. అంతకన్నా ముందు వాద్యకారులిద్దరూ తమ శబ్దాన్ని విని సరేననాలి, వారికి మంగళవారం దాకా తీరిక లేదు. కాబట్టి రీప్లే బుధవారం రాత్రి 8 గంటలకు వస్తుంది. మంగళవారం అడిగినా బుధవారమే.

వచ్చే ప్రదర్శనలో పాస్‌వర్డు గోడ మీద ఉండదు. అడిగినా చెప్పము.

ఇట్లు,
మీ నిర్వాహకుడు