నెలవంక వాలు చూసి అక్షాంశం చెప్పాలంటే తేదీ కావాలి

"ఫోటోలో తెల్లవారుజామున నెలవంక పడవలా ఉంది, కాసేపటికి సూర్యుడు సముద్రంలోంచి లేచాడు. ఊరు ఎక్కడో చెప్పొచ్చా?"

తేదీ కూడా ఉంటే దాదాపుగా చెప్పొచ్చు. ముందు నెలవంక రెండు కొమ్ములనూ కలుపుతూ గీత గీయండి. అది సముద్రపు అంచుతో చేసే కోణమే వాలు. ఫోన్ వంకరగా పట్టుకుని ఉంటారు కాబట్టి ఫోటో అంచుతో మాత్రం పోల్చకండి.

సెప్టెంబరు చివర్లో, బహుళ చతుర్దశి ముందు ఉదయం అనుకుందాం. అప్పుడు ఉత్తరార్ధగోళంలో వాలు సుమారుగా అక్షాంశంలోంచి 23 తీసేసినంత. గీత సమంగా ఉంటే ఊరు 23 డిగ్రీల దగ్గర. చంద్రుడి కక్ష్య సూర్యుడి దారికి 5 డిగ్రీలు వాలి ఉంటుంది, చంద్రుడు సూర్యుడికి ఇంత దగ్గరగా ఉన్నప్పుడు దాని ప్రభావం వాలు మీద ఇంకా ఎక్కువ. కనుక పది డిగ్రీలకు పైగా అటూ ఇటూ కావచ్చు. విశాఖ (17.7) కూడా కొట్టిపారేయలేం. లండన్‌లో అదే ఉదయం వాలు సుమారు 28 డిగ్రీలు.

తేదీ తెలియకపోతే బోల్తా పడతాం. అదే విశాఖలో మార్చి ఉదయం వాలు సుమారు 41 డిగ్రీలు ఉంటుంది. మార్చి ఉదయం పడవలా కనిపించేది దక్షిణార్ధగోళంలో 23 డిగ్రీల దగ్గర!

ఇక తీరం. సూర్యోదయం సముద్రం మీద కనిపిస్తే తూర్పున నీళ్లున్నాయని మాత్రమే అర్థం. విశాఖ బీచ్ నిజానికి ఆగ్నేయం వైపు తిరిగి ఉంది. జూన్‌లో సూర్యుడు తూర్పుకు 25 డిగ్రీలు ఉత్తరంగా, కైలాసగిరి వైపు జరిగి లేస్తాడు, డిసెంబరులో అంతే దక్షిణంగా. కన్యాకుమారిలో అయితే కొన్ని నెలల్లో ఉదయాస్తమయాలు రెండూ నీళ్ల మీదే చూడొచ్చు.